గంగాధరం ‘ఆయ్’

బండారులంక గంగాధరానికి ‘కాదు’ అనే మాట పుట్టుకతోనే రాలేదు. నూలు తెచ్చే షావుకారు రేపటికి చీర కావాలన్నా ‘ఆయ్’ అనేవాడు. వీధిలో వాళ్ళు భోజనానికి రమ్మన్నా ‘ఆయ్’ అనేవాడు. తరవాత తనకు తోచిందే చేసేవాడు. ఎవరికీ కోపం వచ్చేది కాదు, ఎందుకంటే మా వైపు ‘ఆయ్’ అంటే ఒప్పుకున్నట్టూ కాదు, ఒప్పుకోనట్టూ కాదు. ఎదుటివాడి మాట చెవిన పడిందని మర్యాదగా చెప్పడం, అంతే. ఒక్క ఆయన భార్య సూర్యావతికి మాత్రం ఆ ఆయ్‌ల తేడాలు తెలుసు. సాగదీసి అంటే చేస్తాడు. పొట్టిగా అంటే చెయ్యడు. తల పక్కకి తిప్పి అంటే అసలు వినలేదన్నమాట.

ధవళేశ్వరం దగ్గర గోదారికి ఆనకట్ట కట్టిన కొత్తలో ఈ మొగుడూ పెళ్ళాలు సప్తసాగర యాత్రకి బయల్దేరేరు. గోదారి ఏడు పాయలూ సముద్రంలో కలిసే ఏడు చోట్లా దంపతులు కొంగూ కొంగూ ముడేసుకుని మూడేసి మునకలు వెయ్యాలి. సరిగంగ స్నానాలంటారు. అలా చేస్తే సంతానం నిలుస్తుందని నమ్మకం. సూర్యావతికి ఇద్దరు పుట్టి పోయేరు. మూడోసారి రెండో నెలలోనే సంబరపడి నలుగురికీ చెప్పింది, వారం తిరక్కుండా అదీ పోయింది. అందుకే ఈసారి నోరు కట్టేసుకుంది. ఆమెకి ఇప్పుడు మూడో నెల. ఆ సంగతి గంగాధరానికి కూడా తెలియదు. ఏడో స్నానం అయి, ఒడ్డుకి వచ్చి, తల తుడుచుకున్నాకే ఆయనకి చెప్పాలని ఒట్టు పెట్టుకుంది.

అయిదు చోట్ల అంతా సవ్యంగా జరిగింది. ఆరోది కౌశికి పాయ. అక్కడ దారి చూపడానికి పెట్టుకున్న మనిషి మహా తొందర మనిషి. రెండో మునక దగ్గర పెద్ద కెరటం వచ్చి గంగాధరం భుజం మీద ఉత్తరీయం జారిపోయి, సూర్యావతి కొంగుకి వేలాడుతూ నీళ్ళలో తేలింది. దంపతులు విడిపోయినట్టయింది. మళ్ళీ వేసుకుంటామంటే ఆ మనిషి ఒప్పుకోలేదు. “సాలండి, సాలండి, గంగమ్మ చూసింది” అని ఇద్దర్నీ రెక్క పట్టుకుని ఒడ్డుకి లాక్కొచ్చేశాడు. మూడో మునక మునగనేలేదు.

ఆ మునక గంగాధరం గుండెలో ముల్లులా ఉండిపోయింది. పడవలో కూర్చున్నంతసేపూ దాని గురించే. “ఆఖరిది మాత్రం ఎవడి తొందరా లేకుండా, నిదానంగా, నిండుగా చేసుకుందామే” అన్నాడు. సూర్యావతి “అలాగేనండీ” అంది. ఆమెకీ బాధగానే ఉంది మరి.

ఎదురుగాలి పట్టుకోవడంతో భీష్మ ఏకాదశికి అంతర్వేది చేరలేకపోయేరు. పున్నమి సాయంత్రం చేరేసరికి తీర్థం అయిపోయింది, రథం చాపల కింద నిద్రపోతోంది, జనం ఎవరి ఊళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయేరు. రేవులో దిగీ దిగగానే మంగరాజు ఎదురయ్యాడు. పల్లెకారుల మనిషి, నలభై ఏళ్ళుంటాయి. చేతిలో తనకంటే పొడుగు వెదురు గడ, నోట్లో పొగాకు. యాత్రకి వచ్చినవాళ్ళని సంగమం దాకా నడిపించి, స్నానం చేయించి వెనక్కి తేవడం ఆయన పని. చాలా మాట్లాడతాడు. అడగని సంగతులు కూడా చెబుతాడు. ఆ ఊరి గుర్రాలక్క అమ్మవారిని చూడకుండా వెళ్ళినవాళ్ళకి ఏమేం జరిగిందో రేవు నుంచి సత్రం దాకా చెబుతూనే ఉన్నాడు. గంగాధరానికి సత్రం గుమ్మం కనబడేసరికి ప్రాణం లేచొచ్చింది.

గుమ్మం దగ్గర మంగరాజు అసలు సంగతి చెప్పేడు.

“రేపు మజ్జేన్నం నేనొచ్చి తీసుకెళ్తానండి. పాటుకి నీళ్ళు వెనక్కి లాగేస్తా ఉంటాయి, అన్నాచెల్లెళ్ళ గట్టు బైటపడతాది, తానం అక్కడే. మళ్ళీ పోటుకి నీళ్ళు ఎక్కకముందే వచ్చేద్దాం. పున్నం పోటండి, మంచిది కాదు. ఒక్కటే మాట. నాతో వచ్చినోళ్ళు నేను వెనక్కంటే వెనక్కే. మునకలో ఉన్నా సరే. వత్తారు కదండీ నాతోటి?”

“ఆయ్” అన్నాడు గంగాధరం, పొట్టిగా.

మంగరాజు తృప్తిగా తల ఊపి వెళ్ళిపోయేడు. ఆ ‘ఆయ్’కి అర్థం ఆ వీధిలో సూర్యావతి ఒక్కదానికే తెలుసు.

ఆ రాత్రి సత్రం వసారాలో కూర్చుని ఆమె నెమ్మదిగా కదిపింది.

“ఆయన్ని పెట్టుకుందామండీ. ఊరు కాని ఊరు.”

“విన్నావుగా? మునకలో ఉన్నా సరే వెనక్కేనట! మళ్ళీ ఆ కౌశికి దగ్గర జరిగిందే జరుగుతుంది. వద్దు.”

“మనకి తోవ తెలియదు కదండీ.”

“నాకెందుకు తెలియదూ? పదేళ్ళప్పుడు మా నాన్నతో వచ్చేను. ఒడ్డున ఒంటి తాటిచెట్టు ఉంటుంది. దాన్ని వీపున పెట్టుకుని సూటిగా నడిస్తే గట్టు. తిరిగొచ్చేటప్పుడు దాన్ని ఎదురుగా పెట్టుకుని నడిస్తే ఒడ్డు. ఇందాక పడవలోంచి చూశాను, చెట్టు అక్కడే ఉంది. దానికి మళ్ళీ ఒక మనిషా?”

సూర్యావతి నాలుక చివరిదాకా వచ్చింది మాట. నేను ఒట్టి మనిషిని కాదండీ అని చెప్పేస్తే ఆయన పదిమందిని పెట్టి మోయించుకెళ్ళేవాడు. కానీ పోయినసారి చెప్పేకనే కదా పోయింది. భయమేసింది. నోరు నొక్కుకుని “మీ ఇష్టం” అంది.

మర్నాడు మధ్యాహ్నం మంగరాజు చెప్పినట్టే వచ్చి సత్రం అరుగు మీద కూర్చున్నాడు. గంగాధరం లోపల గోడవైపు తిరిగి కళ్ళు మూసుకున్నాడు. సత్రం చూసే బుచ్చమ్మ లోపలికి తొంగి చూసి, “జపంలో ఉన్నట్టున్నారు” అని బయటికి చెప్పింది. ఏం జపమో ఆ నరసింహస్వామికే తెలియాలి! మనిషి మొహం మీద ‘రాను’ అనలేక ఇంతంత మగాళ్ళు కళ్ళు మూసుకుని దాక్కోవడం చూస్తే నవ్వొస్తుంది, ఆ తరవాత ఒళ్ళు మండుతుంది. సూర్యావతి సిగ్గుతో స్తంభం చాటున నిలబడింది. మంగరాజు చాలాసేపు చూశాడు. అరుగు మీద నీడ పోయి ఎండ వచ్చాక లేచి, “ఇంక పొద్దు లేదు. రేపు చూద్దాంలెండి” అని గడ భుజాన వేసుకుని వెళ్ళిపోయేడు.

ఆయన సందు మలుపు తిరిగేదాకా ఆగి గంగాధరం కళ్ళు తెరిచాడు. “పద” అన్నాడు.

“ఇప్పుడా?” అంది బుచ్చమ్మ.

“ఆయ్, ఇప్పుడే వచ్చేస్తామండీ.”

అలా, దారి తెలిసిన మనిషిని తప్పించుకోవడానికి ఆ మనిషి వద్దన్న వేళకి బయల్దేరేరు.

ఒడ్డుకి చేరేసరికి నీళ్ళు బాగా తీసేసి ఉన్నాయి. తాటిచెట్టు ఉంది. దాని ముందు చిన్న పల్లం, అందులో మోకాళ్ళ లోతు నీళ్ళు, అవతల తళతళలాడుతూ తెల్లటి ఇసక గట్టు. అదే అన్నాచెల్లెళ్ళ గట్టు. దానికి కుడిపక్క వశిష్ఠ గోదారి, ఎదర సముద్రం. ఈ నీళ్ళ రంగు వేరు, ఆ నీళ్ళ రంగు వేరు. గట్టు చివర రెండూ కలుస్తున్నచోట సన్నగా నురుగు గీత. గంగాధరం పొంగిపోయేడు. “చూశావా? మా నాన్న చెప్పినట్టే ఉంది” అన్నాడు. పల్లం దాటుతుంటే సూర్యావతి కాలి కింద ఇసక మెత్తగా కుంగింది. ఆయన చెయ్యి పట్టుకుని దాటింది.

గట్టు చివరికి వెళ్ళాక ఆయన ఏదీ తొందరపడలేదు. తడి ఇసకతో గౌరమ్మని చేశాడు. పసుపూ కుంకమా పెట్టించాడు. సంకల్పంలో తాతముత్తాతల పేర్లు మరిచిపోయి మళ్ళీ మొదట్నించి చెప్పుకున్నాడు. అప్పుడు ముడి వెయ్యబోయేడు. ఈసారి జారకూడదు. అందుకని ఉత్తరీయం పక్కన పెట్టేసి, ఆమె కొంగు తీసుకుని తన మొలతాడులోంచి దూర్చి, పంచె చెంగుకి కట్టేడు. మామూలు ముడి కాదు. మగ్గం మీద పోగు తెగితే అతకడానికి వేసే ముడి, చిన్నప్పట్నించీ వేల పోగులకి వేసిన ముడి. లాగినకొద్దీ బిగుస్తుంది గానీ జారదు.

“ఇంక సముద్రుడు దిగొచ్చినా ఇది ఊడదు” అన్నాడు. సూర్యావతి నవ్వింది. ఆ నవ్వు ఆమెకి తరవాత చాలా రోజులు గుర్తొచ్చింది.

నీళ్ళలోకి దిగి, చేతులు పట్టుకుని మొదటి మునక మునిగేరు. ఆయన తాతల పేర్లన్నీ మళ్ళీ చెప్పుకుని రెండోది వేయించాడు. లేచి కళ్ళు తుడుచుకున్న సూర్యావతికి ఇసక గౌరమ్మ కనబడలేదు. అది ఉన్నచోట నీళ్ళున్నాయి. గభాలున వెనక్కి తిరిగింది.

ఇంతసేపూ ఇద్దరూ ఎదురుగా సముద్రాన్నే చూస్తున్నారు, కెరటం వస్తుందేమో అని. కెరటం రాలేదు. నీళ్ళు వెనక నుంచి వచ్చేయి. పోటు తిరిగి గోదారి పాయలోంచి ఆ పల్లంలోకి చొరబడి, గట్టుకీ ఒడ్డుకీ మధ్య ఒక కొత్త ఏరు పారుతోంది. సుడులు తిరుగుతోంది. దానికి అవతల తాటిచెట్టు మాత్రం ఎక్కడుందో అక్కడే ఉంది.

“ఏమండీ!”

గంగాధరం చూశాడు. “ఏం కాదు. చెట్టు సూటిగా నడుద్దాం” అని నాలుగడుగులు వేశాడు. నాలుగో అడుగుకి నీళ్ళు నడుము దాటేయి, కాలి కింద నేల అందలేదు. పడ్డాడు. ముడి లాగడంతో సూర్యావతీ పడింది. ఇద్దరూ ఉప్పునీళ్ళు మింగి, పాక్కుంటూ గట్టు మీదకి వచ్చిపడ్డారు. ఇద్దరికీ ఈత రాదు.

అప్పుడు ఒడ్డు నుంచి కేక వినబడింది.

“కదలకండీ! అక్కడే ఉండండీ!”

మంగరాజు. సాయంత్రం సత్రం ముందునుంచి పోతూ, ‘మీవాళ్ళు లేచేరా’ అని అడిగితే, ‘ఎప్పుడో వెళ్ళేరు కదా’ అందట బుచ్చమ్మ. అక్కణ్ణించి పరిగెత్తుకొచ్చాడు. తిడుతున్నాడు. గాలికి సగం తిట్లు వినబడలేదు, మిగిలిన సగమే చాలు. తాటిచెట్టు దగ్గర దిగలేదు. ఇంకా ఎడంగా వెళ్ళి, గడతో నేల పొడుచుకుంటూ దిగేడు. ఒకచోట గడ సగానికి పైగా దిగబడిపోతే వెనక్కి వచ్చి ఇంకోచోట దిగేడు. ఆయనకీ నేల కళ్ళకి కనబడటం లేదు. మెడ దాకా మునిగి, వంకరటింకరగా నడిచి, ఎట్టకేలకి గట్టెక్కేడు.

“తాటిచెట్టు కేసి నడిత్తన్నారా? ఆ చెట్టు ముందర నేల పోయిన వరదకే కోసుకుపోయింది! ఆనకట్ట వచ్చేక గోదారి ఇసక ఎక్కడ పోత్తాదో నాకే తెలవట్లేదు, రోజూ పొడుచుకు చూడాల్సిందే.” రొప్పుతూ ముడి చూశాడు. “ఇది ఇప్పండి. ఒక్కొక్కళ్ళనే దాటించగలను. ఇద్దరూ ముడేసుకునుంటే ఒకళ్ళు జారితే ముగ్గురం పోతాం.”

గంగాధరం ముడి మీద చెయ్యి వేశాడు. తడిసి, రెండువేపులా లాగబడి, అది రాయిలా బిగుసుకుపోయింది. గోరు కూడా దూరలేదు. మొలతాడు తెంపబోయేడు. దానికి కొత్తగా పేనిన నూలు. తెగలేదు.

“కొంగు చింపండి” అన్నాడు మంగరాజు.

గంగాధరం చెయ్యి ఆగిపోయింది. “ముడి తెంచకూడదు... ఇంకా ఒక మునక ఉంది. ఒక్కటే. మునిగేస్తే యాత్ర పూర్తవుతుంది. ఇక్కడే మునిగేస్తాం, ఒక్క క్షణం.” ఆయన గొంతు పిల్లాడి గొంతులా ఉంది. “ఇద్దరు పోయేరండీ మాకు. ఇది కూడా సగంలో వదిలేస్తే ఇంకెవడు నిలుస్తాడు?”

కెరటం ఒకటి వచ్చి ముగ్గుర్నీ నడుము దాకా తడిపి వెళ్ళింది. మంగరాజు ఏదో అనబోయేడు. సూర్యావతి ఆయన్ని ఆగమని చెయ్యి చూపించింది. మొగుడి మొహం రెండు చేతులతో పట్టుకుని తనవైపు తిప్పుకుంది. పరాయి మగాడు చూస్తున్నాడన్న సిగ్గు కూడా లేకపోయింది.

“మూడో నెల నాకు. విన్నారా? స్వామి ఇచ్చేసేడు. ఇంకా దేనికండీ ఆ మునక?”

ఆయన విన్నాడు. కళ్ళు ఆమె కళ్ళలోంచి కిందికి దిగి, మళ్ళీ పైకి వచ్చేయి. వంగి కొంగు అంచు పళ్ళ మధ్య పెట్టుకున్నాడు.

ఆ చీర ఆయన నేసిందే. యాత్ర కోసం అంచు గట్టిగా, నాలుగు కాలాలు ఉండేలా నేశాడు. పైగా నూలు తడిస్తే ఇంకా గట్టి. ఎంత గట్టిగా నేశాడో ఇప్పుడు పంటికి తెలిసింది. కొరికాడు, తల విదిలించి లాగేడు, చిగుళ్ళు చితికి పెదాల మీద నెత్తురు వచ్చింది. మళ్ళీ కొరికాడు. అంచు పుటుక్కున తెగింది. తరవాత చీర అడ్డంగా సర్రున చిరిగిపోయింది. మూరెడు కొంగు ఆయన మొలకి వేలాడుతూ మిగిలిపోయింది.

“ముందు ఆవిణ్ణి తీసుకెళ్ళండి” అన్నాడు.

“తీసుకెళ్తానండి. ఇక్కడే నిలబడండి. ఇదే ఎత్తయిన చోటు. నీళ్ళు పీకల్లోకి వచ్చినా కదలకూడదు, నేనొచ్చేదాకా. చెట్టు కేసి చూడనే చూడకండి. సరేనా అండీ?”

“ఆయ్” అన్నాడు గంగాధరం.

సూర్యావతి ఆ ‘ఆయ్’ని పోల్చుకోలేకపోయింది. సాగదీసిందీ కాదు, పొట్టిదీ కాదు. పెళ్ళయినప్పట్నించీ అలాంటిది వినలేదు.

మంగరాజు ఆమె రెండు చేతులూ గడకి పట్టించి, వెనక నుంచి తన చేతులతో అదిమి పట్టుకుని దిగేడు. “నేల అందకపోయినా గడ వదలకు చెల్లెమ్మా.” నీళ్ళు గడ్డం దాకా వచ్చేయి. ఒకచోట ఆమె కాళ్ళు పూర్తిగా తేలిపోయేయి. మంగరాజు కాలు కూడా జారింది, ఇద్దరూ ఒకసారి మునిగి లేచేరు. ఆమె కళ్ళు మూసుకుని కడుపులో ఉన్నవాణ్ణి పిలుచుకుంటూ గడని పట్టుకుంది. మోకాళ్ళకి ఇసక తగిలింది. ఒడ్డు.

మంగరాజు ఒడ్డున వంగి రెండుసార్లు దగ్గి, మళ్ళీ వెనక్కి దిగేడు.

ఆమె లేచి చూసింది. పొద్దు గోదారి మీదకి వాలి, నీళ్ళన్నీ కళ్ళలో గుచ్చుకుంటున్నాయి. ఆ మెరుపులో గట్టూ లేదు, మనిషీ లేడు. మంగరాజు తల కూడా కాసేపు కనబడి తరవాత మాయమైపోయింది. కెరటాల చప్పుడు ఒక్కటే. ఆ చప్పుడులోంచి మంగరాజు కేక వినబడింది.

“ఉన్నారా అండీ?”

“ఆయ్.”

సన్నగా, దూరంగా. ఉన్నాడు. సూర్యావతి చిరిగిన కొంగు నోట్లో కుక్కుకుంది.

“ఉన్నారా అండీ?”

“ఆయ్.”

చెట్టు కేసి నడవొద్దు స్వామీ, నడవొద్దు, అని మనసులో మొత్తుకుంది. ఆయన సంగతి ఆమెకి తెలియదా! అందరికీ ఆయ్ అంటాడు, తరవాత తనకి తోచిందే చేస్తాడు. వాళ్ళ నాన్న చెప్పిన తాటిచెట్టు ఆమె వీపు వెనకే ఉంది. ఆ చెట్టుని అక్కడే గొడ్డలితో నరికెయ్యాలనిపించింది.

“ఉన్నారా అండీ?”

జవాబు లేదు.

మంగరాజు మళ్ళీ అరిచాడు. జవాబు లేదు. ఆమె మోకాళ్ళ దాకా నీళ్ళలోకి దిగిపోయింది. ఊపిరంతా కూడగట్టుకుని అరిచింది. “ఏమండీ! ఉన్నారా?”

కెరటం వచ్చి వెళ్ళింది. ఇంకోటి వచ్చి వెళ్ళింది.

“ఆయ్!”

ఈసారి గట్టిగా. ఆమె అక్కడే నీళ్ళలో కూలబడి ఏడ్చింది. తరవాత ఇద్దరు మనుషులు గడని పట్టుకుని మెరుపులోంచి బయటికి వచ్చేదాకా ఏడుస్తూనే ఉంది.

గంగాధరం ఒడ్డెక్కి ఇసకలో పడిపోయేడు. మంగరాజు పక్కన కూర్చుని, తడిసిన పొగాకు చుట్ట చూసుకుని పారేసి, అప్పుడడిగేడు. కోపంగా కూడా లేదు, అలిసిపోయి ఉన్నాడు. “నిన్న నాతో వత్తానని ఆయ్ అన్నారు కదండీ. మీ పూచీ నామీద ఉందనుకున్నాను నేను.”

గంగాధరం నోరు తెరిచాడు. అలవాటైన మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. లేచి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు.

సత్రానికి నడుస్తుంటే సూర్యావతి అడిగింది. “మూడోసారి పిలిస్తే పలకలేదేం?”

ఆయన మొలకి వేలాడుతున్న కొంగు ముక్కని అరచేతిలో చుట్టుకున్నాడు.

“చెట్టు కేసి రెండడుగులు వేశాను. నీళ్ళు గుండెల దాకా వచ్చేశాయి, ఇంక ఆగలేకపోయాను. అప్పుడు నువ్వు ‘ఉన్నారా’ అని పిలిచావు. ఆయ్ అన్నాను. అన్నాక మరి ఉండాలి కదా. వెనక్కొచ్చి నిలబడ్డాను.”